వంగిన పేజీలో వరస తప్పే వాక్యాలు

ఒక లావుపాటి పాత నవల. ఎడమ పేజీలో పై నుంచి మూడో పంక్తి ‘పెద్దకొడుకు పట్నంలో చదువుకుని ఊరికి తిరిగి వచ్చాడు’ అనీ, నాలుగో పంక్తి ‘చిన్నకొడుకు సైన్యంలో చేరి యుద్ధంలో చనిపోయాడు’ అనీ అచ్చయి ఉన్నాయనుకుందాం. ఆ పేజీని ఫోన్‌తో ఫోటో తీసి, అందులోని అక్షరాలను టైపు చేసినట్టుగా రాబట్టే ఓసీఆర్‌కు ఇస్తే, కొన్నిసార్లు ఇలా వస్తుంది: ‘పెద్దకొడుకు పట్నంలో చదువుకుని యుద్ధంలో చనిపోయాడు.’

ఇందులో ఒక్క అక్షరం తప్పు లేదు. ప్రతి మాటా పుస్తకంలో ఉన్నదే. అక్షరదోషాలు వెతికే సాఫ్ట్‌వేర్‌కు ఇక్కడ పట్టుకోవడానికి ఏమీ దొరకదు. కథ మాత్రం మారిపోయింది. మూడో పంక్తి మొదలుకు నాలుగో పంక్తి చివర అతుక్కుంది. ఫోటో మసకగా లేదు, అచ్చు చెరిగిపోలేదు. పేజీ వంగి ఉంది, అంతే.

ఓసీఆర్ పని ఎలా జరుగుతుందో చూస్తే కారణం తెలుస్తుంది. ముందుగా ఫోటోను నలుపు తెలుపుల్లోకి మారుస్తారు. తర్వాత పేజీలో పంక్తులు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తించి, ఒక్కో పంక్తినీ సన్నటి పట్టీలా కత్తిరిస్తారు. చివరికి ఆ పట్టీని చదువుతారు. అందరికీ ఉచితంగా దొరికే టెసరాక్ట్ అనే ఓసీఆర్ 1980లలో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీలో పుట్టింది. అది తెలుగు కూడా చదువుతుంది. 2018లో వచ్చిన దాని నాలుగో వెర్షన్ అక్షరాలను విడివిడిగా కాకుండా పంక్తి మొత్తాన్ని ఒక పట్టీగా తీసుకుని చదువుతుంది. కాబట్టి పట్టీని తప్పుగా కోస్తే, చదివే భాగం ఎంత తెలివైనదైనా తనకు అందిన తప్పునే శ్రద్ధగా చదివి పెడుతుంది.

పంక్తులను గుర్తించడానికి అన్నిటికన్నా పాత, తేలికైన పద్ధతి ఒకటుంది. పేజీకి అడ్డంగా ఒక్కో వరసలో ఎంత నలుపు ఉందో లెక్కపెడతారు. నలుపు ఎక్కువున్నచోట పంక్తి, అసలు లేనిచోట రెండు పంక్తుల మధ్య ఖాళీ. పేజీ చదునుగా, నిటారుగా ఉన్నంతవరకు ఇది చక్కగా పనిచేస్తుంది. పంక్తి ఒక చివర కాస్త పైకి లేచిందంటే, ఆ చివర పై పంక్తి ఖాళీలోకి చొరబడుతుంది. ఇంకా లేస్తే పై పంక్తి ఎత్తుకే చేరుతుంది. అప్పుడు అడ్డంగా కోసిన పట్టీలో ఒక పంక్తి తల, మరో పంక్తి తోక పడతాయి.

అంత లేస్తుందా అనిపించవచ్చు. లెక్క వేసి చూద్దాం. లావు పుస్తకాన్ని విప్పి బల్ల మీద పెడితే, పేజీ బయటి అంచు నుంచి కుట్టు వైపు వెళ్తూ ఉబ్బుతుంది. ఆ తర్వాత ఒక్కసారిగా నడిమి గాడిలోకి దిగిపోతుంది. ఆ ఉబ్బు ఎత్తు 2 సెంటీమీటర్లు అనుకుందాం. ఫోన్ పేజీకి నేరుగా పైన, 35 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. కెమెరాకు దగ్గరగా వచ్చిన భాగం ఫోటోలో పెద్దదిగా కనబడుతుంది కాబట్టి, ఉబ్బు మీదున్న అక్షరాలన్నీ ఫోటో మధ్యబిందువు నుంచి బయటికి జరుగుతాయి. పేజీ మధ్య నుంచి 8 సెంటీమీటర్ల పైన ఉన్న మొదటి పంక్తి చివర దాదాపు 5 మిల్లీమీటర్లు పైకి జరుగుతుంది. తెలుగు నవలలో పంక్తికీ పంక్తికీ మధ్య దూరం 6 మిల్లీమీటర్లు అనుకుంటే, ఇది ఇంచుమించు ఒక పంక్తి అంత.

మధ్యకు వస్తున్నకొద్దీ ఈ జరుగుడు తగ్గుతుంది. నాలుగో పంక్తి దగ్గర అది 3.8 మిల్లీమీటర్లు. సగం పంక్తిదూరం, అంటే 3 మిల్లీమీటర్లు దాటితే చాలు, ఆ చివర తన పంక్తికన్నా పక్క పంక్తికే దగ్గరవుతుంది. ఈ లెక్కన పైనున్న ఐదారు పంక్తులు పైకి ఎగబాకుతాయి. కిందున్న ఐదారు పంక్తులు అదే కొలతలో కిందికి జారతాయి. మధ్యలో పదిహేను పంక్తుల దాకా తిన్నగానే ఉంటాయి. అందుకే ఓసీఆర్ ఫలితాన్ని మధ్యలో ఒకటి రెండు వాక్యాలు చదివి బాగుందనుకున్నవారు మోసపోతారు.

ఇదంతా ఫోన్ నేరుగా పైన ఉన్నప్పటి సంగతి. తన నీడ పడకూడదని ఫోన్‌ను ముప్పై డిగ్రీలు వాల్చి తీస్తే, అదే 2 సెంటీమీటర్ల ఉబ్బు దాని మీది అక్షరాలను 11 మిల్లీమీటర్లకు పైగా జరుపుతుంది. ఇంచుమించు రెండు పంక్తులు. పైగా ఈసారి పేజీ మధ్యనున్న పంక్తులకూ మినహాయింపు ఉండదు.

గాడి దగ్గర మరో చిక్కు. అక్కడ కాగితం ఏటవాలుగా దిగుతుంది కాబట్టి అక్షరాలు అడ్డంగా నొక్కుకుపోతాయి. వాలు అరవై డిగ్రీలుంటే అక్షరం వెడల్పు సగమే కనిపిస్తుంది. ఇలా నొక్కుకుపోయిన సున్నా ఒక పొట్టి గీతలా మిగులుతుంది, పక్కపక్కనున్న రెండు అక్షరాలు ఒక్కటిగా కలిసిపోతాయి. వరస తప్పడానికి భిన్నంగా ఇవి కంటికి తెలిసే తప్పులు.

ఇప్పటి ఓసీఆర్‌లు ఆ పాత పద్ధతి దగ్గరే ఆగిపోలేదు. టెసరాక్ట్ ముందుగా పేజీలోని ఒక్కో నల్లటి ముద్దనూ విడిగా గుర్తిస్తుంది. ఎడమ నుంచి కుడికి పక్కపక్కనున్న ముద్దలను కలుపుకుంటూ పోయి, వాటి అడుగున ఒక వంపు గీతను అమరుస్తుంది. పంక్తి మెల్లగా వంగితే గీత కూడా దానితో వంగుతుంది. ఇలా వెంబడించేటప్పుడు పెద్ద ముద్దలనే నమ్ముకుంటుంది. చిన్న ముద్దలను పక్కన పెట్టి, పంక్తులు తేలాక, ఏది ఏ పంక్తి మీద పడుతోందో చూసి వాటిలో చేరుస్తుంది.

తెలుగుకు ఇబ్బంది వచ్చేది ఇక్కడే. మన వత్తులు చాలావరకు ప్రధాన అక్షరాన్ని తాకకుండా కింద విడిగా వేలాడతాయి. దాని కింది పంక్తిలో గుడులు, తలకట్లు పైకి పొడుచుకొస్తాయి. రెండు పంక్తుల మధ్య నిజంగా ఖాళీగా ఉండే చోటు ఇంగ్లీషు పుస్తకంతో పోలిస్తే తక్కువ. పంక్తి చివర కొద్దిగా వంగినా, వత్తు కింది పంక్తి సొత్తుగా లెక్కకు రావచ్చు. అప్పుడు ‘రాష్ట్రం’ తన వత్తులు పోగొట్టుకుని ‘రాషం’ అవుతుంది, కింది పంక్తిలో అర్థంలేని గుర్తొకటి మొలుస్తుంది. హిందీ అక్షరాలకు పైన ఉండే తలగీత పంక్తి ఎటు వంగుతోందో చూపిస్తుంది. తెలుగులో అలాంటి ఆధారం లేదు.

పుస్తకపు వంపు సాఫీగా సాగుతుంది. మడత అలా కాదు. నాలుగు మడతలుగా బీరువాలో దాచిన దస్తావేజును విప్పితే అది నాలుగు పలకలుగా, ఒక్కోటీ ఒక్కో వైపు వాలి నిలుస్తుంది. నిలువు మడత దగ్గర పంక్తి ఒక్కసారిగా విరుగుతుంది. మెల్లగా వంగే గీత ఆ విరుపును అనుసరించలేక మూలను కోసేసి పోతుంది. ఫలితంగా మడతకు అటూ ఇటూ ఉన్న ఒకటి రెండు మాటల పైభాగమో కిందిభాగమో తెగిపోతుంది.

అడ్డ మడత చేసే చెరుపు మరో రకం. మడత లోయలో సన్నటి నీడ పడుతుంది. ఫోటోను నలుపు తెలుపు చేయడానికి నొబుయుకి ఒట్సు 1979లో చెప్పిన పద్ధతి ఫోటో మొత్తానికీ ఒకే హద్దు గీస్తుంది. ఆ హద్దు కన్నా ముదురుగా ఉన్నదంతా నలుపే. నీడ వైపు వాలిన పలక మొత్తం నల్లబడే ప్రమాదం ఉంది. ఒక్కో చోట చుట్టుపక్కల వెలుగును బట్టి హద్దు మార్చుకునే పద్ధతులు ఈ పెద్ద నీడను తొలగిస్తాయి. కానీ మడత గీత నీడ అక్షరపు గీత అంత సన్నగా ఉంటుంది కాబట్టి దాన్ని అవి కూడా సిరాగానే భావిస్తాయి. ఆ గీత పంక్తి పొడవునా పరుచుకుని అక్షరాలన్నిటినీ ఒకే ముద్దగా కలిపేస్తుంది.

మడిచిన కాగితం మీద పట్టిక ఉంటే పరిస్థితి ఇంకా కష్టం. ఒక కిరాణా బిల్లులో ఎడమవైపు కందిపప్పు, చక్కెర, నూనె, చింతపండు. కుడివైపు 180, 45, 150, 90. మధ్యలో నిలువు మడత. పేరుకూ ధరకూ మధ్య అక్షరాలే లేవు కాబట్టి పంక్తిని వెంబడించడానికి దారి ఉండదు. కుడి పలక ఒక వరస పైకి జరిగితే కందిపప్పు 45, చక్కెర 150, నూనె 90 అవుతాయి. మొత్తం కూడితే మాత్రం సరిగ్గా 465 వస్తుంది. కూడిక సరిపోయిందని బిల్లును నమ్మడానికి లేదు. పైన ఒంటరిగా మిగిలిన 180, ధర లేకుండా మిగిలిన చింతపండు, ఈ రెండే జరిగింది చెబుతాయి.

చదవడానికి ముందే పేజీని చదును చేసే ప్రోగ్రాములున్నాయి. 2016లో మ్యాట్ జకర్ అనే అమెరికన్ ప్రొఫెసర్ విడుదల చేసిన `page_dewarp` వాటిలో ఒకటి. పేజీ గోడౌను పైకప్పు రేకులా ఒకే దిక్కుగా వంగి ఉందని అది అనుకుంటుంది. ఏ వంపు ఊహిస్తే పంక్తులన్నీ తిన్నగా తేలతాయో లెక్కకట్టి, ఆ మేరకు ఫోటోను సాగదీస్తుంది. పుస్తకానికి ఈ ఊహ బాగా నప్పుతుంది. రెండు దిక్కులా మడిచిన కాగితానికి నప్పదు. 2018లో వచ్చిన డాక్‌యూనెట్ ఏ ఆకారాన్నీ ముందుగా ఊహించదు. కంప్యూటర్‌లో నలిపి, మడిచి తయారుచేసిన లక్ష దాకా బొమ్మలు చూసి, ఫోటోలోని ప్రతి చుక్కా చదును కాగితం మీద ఎక్కడుండాలో నేర్చుకుంది. అయితే మడత లోపల దాగిపోయిన అక్షరాన్ని ఏ లెక్కా బయటికి తీయలేదు.

ఫోటో తీసేటప్పుడే వంపును తగ్గించుకోవడం తేలిక. అక్షరాలు పెద్దగా రావాలని చాలామంది ఫోన్‌ను పేజీకి దగ్గరగా తెస్తారు. పైన వేసిన లెక్కలోనే ఫోన్ 20 సెంటీమీటర్లకు దిగితే, మొదటి పంక్తి చివర 9 మిల్లీమీటర్లు జరుగుతుంది, అంటే ఒకటిన్నర పంక్తి. అదే 70 సెంటీమీటర్ల ఎత్తు నుంచి రెండు రెట్లు జూమ్ చేసి తీస్తే 2.4 మిల్లీమీటర్లే. ఇది సగం పంక్తిదూరం కన్నా తక్కువ కాబట్టి వరస తప్పే అవకాశం బాగా తగ్గుతుంది. పుస్తకాన్ని పూర్తిగా విప్పకుండా, ఒక అట్టను ఏటవాలుగా నిలబెట్టి, తీసే పేజీ మాత్రం చదునుగా ఉండేలా చూసుకుంటే ఉబ్బే తగ్గుతుంది. ఫోన్ ఆ పేజీకి ఎదురుగా ఉండాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్ పుస్తకాలను స్కాన్ చేసే యంత్రాల్లో ఇంగ్లీషు వి ఆకారపు తొట్టి, పైన గాజు పలక ఉండేది ఇందుకే.

మడత కాగితాన్ని ముందు ఎదురు దిక్కుకు మెల్లగా మడిచి, బరువు కింద ఉంచి, తర్వాత తీయాలి. కిటికీ వెలుగు మడతకు అడ్డంగా పడితే లోయలో నీడ నిలుస్తుంది. మడత వెంబడి పడేలా కాగితాన్ని తిప్పుకుంటే నీడ సన్నగిల్లుతుంది.

ఫలితాన్ని సరిచూసేటప్పుడు మొదటి ఆరు పంక్తులు, చివరి ఆరు పంక్తులు చూడాలి. ఎడమ పేజీ అయితే వాటి కుడి చివరలు, కుడి పేజీ అయితే ఎడమ మొదళ్లు. అన్నిటికన్నా పైనో, అన్నిటికన్నా కిందో రెండు మూడు మాటలతో ఒక పొట్టి పంక్తి ఒంటరిగా కనిపిస్తే, అది దారితప్పి విడిపోయిన పంక్తి ముక్క. మిగతా పంక్తులు ఒక్కో మెట్టు జరిగాయనడానికి అది గుర్తు. అలాంటి పేజీలో మాటలను చేత్తో అటూ ఇటూ మార్చి సరిదిద్దడం కన్నా ఎత్తు నుంచి మరో ఫోటో తీసుకోవడం తక్కువ శ్రమ.