ఎంటర్, టిల్డా, డాట్

ఇంటి నుంచి ఆఫీసు సర్వర్ల మీద పనిచేసేవాళ్లకి ఇది తెలిసిన తంతే. కరెంటు పోతుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది గానీ వైఫై రౌటర్ ఆగిపోతుంది. ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టుకుంటాం. బ్రౌజర్‌లో పేజీలు మామూలుగానే తెరుచుకుంటాయి. సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ అయి ఉన్న టెర్మినల్ మాత్రం కొయ్యబారిపోతుంది. అక్షరం పడదు, కంట్రోల్-సి కొట్టినా కదలదు. చివరికి విసుగొచ్చి విండోనే మూసేస్తాం. దాంతో పాటు, పైకి స్క్రోల్ చేసి చూసుకుందామనుకున్న ఎర్రర్ లైన్లన్నీ పోతాయి.

నిజానికి ఆ విండో మూయక్కర్లేదు. వరసగా మూడు కీలు నొక్కితే చాలు: ముందు ఎంటర్, తర్వాత టిల్డా, ఆ తర్వాత డాట్.

అవి ఎందుకు పనిచేస్తాయో తెలియాలంటే సెషన్ ఎందుకు బిగుసుకుందో చూడాలి. వైఫై నుంచి హాట్‌స్పాట్‌కి మారగానే మన ఐపీ అడ్రస్ మారిపోయింది. పాత కనెక్షన్ పాత అడ్రస్‌తో ముడిపడి ఉంది కాబట్టి దానికి ఇక దారి లేదు. అయితే తెగిపోయిందని చెప్పేవాళ్లు ఎవరూ లేరు. మనం ఏదైనా టైప్ చేస్తే లినక్స్ ఆ ప్యాకెట్‌ని మళ్లీ మళ్లీ పంపుతూ, మామూలు సెట్టింగులతో అయితే దాదాపు 15 నిమిషాల తర్వాత గానీ ఆశ వదులుకోదు. ఏమీ టైప్ చేయకుండా వదిలేస్తే అంతకంటే ఎక్కువసేపే అలా ఉండిపోవచ్చు.

మరి కంట్రోల్-సి ఎందుకు పనిచేయదు? మామూలుగా ఆ కీ మన దగ్గర నడుస్తున్న ప్రోగ్రాంని ఆపుతుంది. సెషన్‌లో ఉన్నప్పుడు మాత్రం ఎస్‌ఎస్‌హెచ్ దాన్ని కూడా ఒక అక్షరంలాగే అవతలి మెషీన్‌కి పంపేస్తుంది. సర్వర్‌లో నడుస్తున్న ప్రోగ్రాంని ఆపడానికి మనకి కావలసిందీ అదే. దారే లేనప్పుడు ఆ అక్షరం మిగతావాటితో పాటు మన దగ్గరే క్యూలో నిలబడిపోతుంది.

ఎస్‌ఎస్‌హెచ్ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిది. చేతికిచ్చిన ప్రతి కవరూ విప్పకుండా లోపలికి చేరవేస్తుంది, తన పేరు రాసి ఉన్నది మాత్రం తనే విప్పుకుంటుంది. ఆ పేరే టిల్డా. లైన్ మొదట్లో, అంటే ఎంటర్ నొక్కిన వెంటనే టిల్డా వస్తే, ఎస్‌ఎస్‌హెచ్ దాన్ని పంపకుండా పట్టుకుని తర్వాతి కీ కోసం చూస్తుంది. సెషన్ బాగా నడుస్తున్నప్పుడు కూడా లైన్ మొదట్లో టిల్డా కొడితే వెంటనే తెరమీద పడకపోవడానికి కారణం ఇదే. తర్వాతి కీ డాట్ అయితే కనెక్షన్‌ని తనే తెంపేస్తుంది. అవతలివైపు అనుమతి అడగదు, కాబట్టి నెట్ లేకపోయినా పని జరుగుతుంది. తెరమీద ఇలా కనిపిస్తుంది:

```
~.
Connection to db1 closed.
user@laptop:~$
```

మన ప్రాంప్ట్ మనకి తిరిగొచ్చింది, పైన ఉన్న లైన్లన్నీ అలాగే ఉన్నాయి. అదే విండోలో మళ్లీ లాగిన్ అవ్వొచ్చు.

ఈ అలవాటు ఎస్‌ఎస్‌హెచ్ కంటే పాతది. 1995లో ఫిన్లాండ్‌లో తాతు యులోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ రాయకముందే, యునిక్స్ మెషీన్ల మధ్య లాగిన్ అవడానికి వాడిన ఆర్‌లాగిన్‌లో కూడా టిల్డా-డాట్‌తోనే బయటపడేవారు.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. మొదట నొక్కాల్సింది ఎంటర్. సెషన్ బిగుసుకునే సమయానికి ప్రాంప్ట్ దగ్గర సగం టైప్ చేసిన కమాండ్ ఉందనుకోండి. ఫైళ్లు చెరిపేసే `rm` కమాండే అయి ఉండొచ్చు. నెట్ నిజంగా తెగకుండా కాసేపు నెమ్మదించి ఉంటే, మీరు కొట్టిన ఎంటర్ ఆలస్యంగా అక్కడికి చేరి ఆ సగం కమాండ్‌ని నడిపించేస్తుంది. అందుకే అలాంటప్పుడు ముందు కంట్రోల్-యు నొక్కి, తర్వాత ఎంటర్ కొట్టండి. కీలు కొట్టిన వరసలోనే చేరతాయి. కర్సర్ లైన్ చివర ఉంటే కంట్రోల్-యు ఆ లైన్‌ని ముందే చెరిపేస్తుంది, ఎంటర్ వచ్చేసరికి ఖాళీ లైనే మిగులుతుంది. బిగుసుకున్న టెర్మినల్‌లో కోపం కొద్దీ ఏవేవో కీలు బాదకూడదనడం కూడా ఇందుకే.

ఒక సర్వర్ మీదుగా ఇంకో సర్వర్‌లోకి వెళ్లినప్పుడు కొంచెం ఆలోచించాలి. మీ ల్యాప్‌టాప్ నుంచి `gw` అనే గేట్‌వేలోకి, అక్కడ మళ్లీ ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్ కొట్టి `db1`లోకి వెళ్లారు. ఇంతలో `db1` ఉన్నట్టుండి ఆగిపోయింది, గేట్‌వే మాత్రం బాగానే ఉంది. ఇప్పుడు టిల్డా-డాట్ కొడితే మీ ల్యాప్‌టాప్‌లోని ఎస్‌ఎస్‌హెచ్ దాన్ని పట్టుకుని మిమ్మల్ని ఏకంగా ఇంటికి తెచ్చేస్తుంది. అలా కాకుండా `gw` దగ్గర ఆగాలంటే రెండు టిల్డాలు కొట్టాలి:

```
~~.
```

మొదటి ఎస్‌ఎస్‌హెచ్ ఒక టిల్డాని తీసేసుకుని మిగిలింది ముందుకు పంపుతుంది. గేట్‌వేలోని రెండోది ఆ టిల్డాని, డాట్‌ని చూసి `db1` కనెక్షన్‌ని మాత్రం తెంపుతుంది. మూడో మెట్టు తెంపాలంటే మూడు టిల్డాలు. `ssh -J` వాడి ఒకే కమాండ్‌తో వెళ్లినవాళ్లకి ఈ లెక్క అక్కర్లేదు, వాళ్ల సెషన్ ఒకటే కాబట్టి ఒక్క టిల్డా చాలు.

మూడు కీలు కొట్టినా ఏమీ జరగకపోతే ముందు కీబోర్డు చూడండి. ఇన్‌స్క్రిప్ట్ తెలుగు లేఅవుట్ ఆన్‌లో ఉంటే ఆ కీకి టిల్డా రాదు, తెలుగు అక్షరం వస్తుంది. ఇంగ్లిష్‌కి మార్చి మళ్లీ ఎంటర్‌తో మొదలుపెట్టండి. ఇంకా లాగిన్ కాకముందే, కనెక్ట్ అవుతున్న దశలోనే ఆగిపోతే టిల్డా పనిచేయదు. అక్కడ మామూలు కంట్రోల్-సి సరిపోతుంది. పొరపాటున కంట్రోల్-ఎస్ తగిలినా తెర అచ్చం ఇలాగే ఆగిపోతుంది. కాబట్టి నెట్ బాగానే ఉందనిపిస్తే తెంపేముందు ఒకసారి కంట్రోల్-క్యు నొక్కి చూడండి.

టిల్డా-డాట్ విడిపించేది మనవైపు చివరని మాత్రమే. దారి లేదు కాబట్టి మనం వెళ్లిపోయిన సంగతి సర్వర్‌కి తెలియదు. పాత లాగిన్ అక్కడ కాసేపు అలాగే ఉంటుంది, సర్వర్ ఆ సంగతి గమనించాక అందులో నడుస్తున్న పని మామూలుగా ఆగిపోతుంది. గంటల తరబడి నడవాల్సిన పనుల్ని టీమక్స్‌లో పెట్టడం అందుకే. మళ్లీ లాగిన్ అయి `tmux attach` అంటే పని ఆగకుండా కనిపిస్తుంది.

కనెక్షన్ పోయిన సంగతి ఎస్‌ఎస్‌హెచ్ తనంతట తానే కనిపెట్టాలంటే మీ మెషీన్‌లోని `~/.ssh/config` ఫైల్‌లో ఈ లైన్లు పెట్టండి:

```
Host *
    ServerAliveInterval 15
    ServerAliveCountMax 3
```

సర్వర్ వైపు నుంచి ఏమీ రాకపోతే 15 సెకన్లకోసారి ఎస్‌ఎస్‌హెచ్ దాన్ని పలకరిస్తుంది. మూడుసార్లు పలకకపోతే, అంటే సుమారు 45 సెకన్లలో, తనే తెంపేసి ప్రాంప్ట్ ఇచ్చేస్తుంది. అయితే నెట్ ఒక్క నిమిషం పోయి వచ్చినా సెషన్ తెగిపోతుంది. లైన్ తరచూ ఊగిసలాడే చోట ఈ అంకెలు పెంచుకోవడం మంచిది.

ఈ మూడు కీలు చేతికి అలవాటు కావాలంటే ఈరోజే, సెషన్ బాగున్నప్పుడే, ఎంటర్ కొట్టి `~?` నొక్కి చూడండి. ఏదీ తెగదు, టిల్డా తర్వాత ఏ కీ ఏం చేస్తుందో జాబితా తెరమీదకి వస్తుంది. అందులో మొదటి లైను గుర్తుంటే చాలు.