అమ్మకానికి ఉన్నా కనిపించని సరుకు

ఆన్‌లైన్ అంగడిలో ఒక వస్తువు వివరాలు, ధర, ఫొటో, స్టాక్ కలిసి ఉండే పేజీని లిస్టింగ్ అంటారు. ఆ పేజీ మూడు రకాలుగా పనికిరాకుండా పోతుంది. అమెజాన్ లాంటి వేదిక దాన్ని సెర్చ్ నుంచి తప్పించవచ్చు. వ్యాపారులు దీన్నే ‘సప్రెస్ అయింది’ అంటారు. స్టాక్ అయిపోవచ్చు. లేదా పేజీకి ప్రధాన ఫొటో లేకుండా పోవచ్చు. ఈ మూడింటినీ రోజూ ఒక చిన్న ప్రోగ్రామ్‌తో వెతికించి, దొరికినవాటిని నాలుగు వరుసల సందేశంగా ఫోన్‌కు తెప్పించుకోవడమే రోజువారీ తనిఖీ.

సప్రెషన్‌తో ఉన్న ఇబ్బంది, అమ్మేవారికి అది కనిపించకపోవడమే. లింకు దగ్గర పెట్టుకుని నొక్కితే పేజీ చాలాసార్లు మామూలుగానే తెరుచుకుంటుంది. ధర ఉంటుంది, కొనే బటన్ కూడా ఉండవచ్చు. కానీ ‘ఇక్కత్ దుపట్టా’ అని వెతికే కొనుగోలుదారుకు ఆ వస్తువు ఫలితాల్లో రాదు. ఆర్డర్లు తగ్గాయని యజమాని గమనించేసరికి వారం గడిచిపోతుంది. అప్పుడు కూడా సీజన్ బాగోలేదనుకుంటారు తప్ప పేజీని అనుమానించరు. పదిహేను వస్తువులుంటే రోజూ చేత్తో వెతికి చూసుకోవచ్చు. రెండు వందలు దాటాక అది మనిషి చేసే పని కాదు.

భూదాన్ పోచంపల్లి నేతను ఆన్‌లైన్‌లో అమ్మే ఒక దుకాణాన్ని ఊహించుకుందాం. చీరలు, దుపట్టాలు, దుప్పట్లు కలిపి 180 రకాలు. కొన్ని అమెజాన్ గోదాముల నుంచి వెళ్తాయి, మిగతావి దుకాణం నుంచే పార్సిల్ అవుతాయి. ప్రతి రకానికీ దుకాణదారు పెట్టుకున్న సొంత కోడ్ ఒకటి ఉంటుంది. దాన్ని ఎస్‌కేయూ అంటారు.

తనిఖీకి కావలసిన సమాచారం అమెజాన్ అమ్మకందారులకు ఇచ్చే ఏపీఐలోనే ఉంది. పేజీని తెరిచి కళ్లతో చూసే పనిని ప్రోగ్రామ్‌కు అప్పగించాల్సిన అవసరం లేదు. `getListingsItem` అనే పిలుపుకు ఎస్‌కేయూ ఇస్తే స్థితి, ప్రధాన ఫొటో లింకు, లోపాల జాబితా తిరిగి వస్తాయి. స్థితిలో రెండు మాటలు ముఖ్యం. `BUYABLE` అంటే కొనవచ్చు. `DISCOVERABLE` అంటే వెతికితే దొరుకుతుంది. మొదటిది ఉండి రెండోది లేకపోతే ఆ వస్తువు అమ్మకానికి ఉన్నా ఎవరికీ కనబడటం లేదన్నమాట. తనిఖీకి గుండెకాయ లాంటి భాగం ఇంతే:

```python
if "BUYABLE" in status and "DISCOVERABLE" not in status:
    kotta.append((sku, "సెర్చ్‌లో లేదు"))
if not item.get("mainImage"):
    kotta.append((sku, "ఫొటో లేదు"))
```

లోపాల జాబితాలో ప్రతి లోపానికీ ఒక సంకేతం, ఒక వాక్యం, దాని తీవ్రత ఉంటాయి. తీవ్రత `ERROR` అయినవాటిని ముందు చూడాలి. `WARNING` అన్నవి చాలా ఉంటాయి. వాటన్నిటినీ సందేశంలో పెడితే నాలుగో రోజు నుంచి ఎవరూ చదవరు.

ఈ పిలుపును సెకనుకు ఐదుసార్లు పంపనిస్తారు. 180 రకాలకు నిమిషం కూడా పట్టదు. పదివేల రకాలున్నవారికి మాత్రం అరగంట దాటుతుంది. అలాంటివారు ముందు మొత్తం జాబితాను ఒకే రిపోర్టుగా తెప్పించుకుని, అనుమానం ఉన్నవాటినే విడిగా అడగడం మేలు. ఆ రిపోర్టు పేరు `GET_MERCHANT_LISTINGS_ALL_DATA`. అందులో ఫొటో లింకు కోసం ఒక నిలువు వరుస కనబడుతుంది గానీ, అది తరచూ ఖాళీగానే వస్తుంది. దాన్ని నమ్మి తనిఖీ రాస్తే మొదటి రోజే దుకాణంలోని సరుకంతటికీ ఫొటోలు లేవని చెబుతుంది.

స్టాక్ దగ్గర మరికొంత జాగ్రత్త కావాలి. దుకాణం నుంచి పంపే వస్తువులకు సంఖ్య సున్నా అయితే సున్నాయే. అమెజాన్ గోదాములో ఉంచిన సరుకుకు పై రిపోర్టులో సంఖ్య ఖాళీగా వస్తుంది. ఆ ఖాళీని సున్నా అని చదివే ప్రోగ్రామ్ బాగా అమ్ముడవుతున్న సరుకు మీదే దొంగ హెచ్చరికలు పంపుతుంది. గోదాము సరుకు లెక్క వేరే రిపోర్టులో ఉంటుంది. అక్కడ అమ్మగలిగిన సంఖ్య, పక్కన పెట్టి ఉంచిన సంఖ్య, దారిలో ఉన్న సంఖ్య వేర్వేరుగా కనబడతాయి. అమ్మగలిగింది సున్నా అయినా నలభై దుప్పట్లు దారిలో ఉంటే ఆ హెచ్చరికను అందుకు తగ్గట్టు రాయాలి. అప్పుడు యజమాని చేయగలిగింది ఆ పెట్టెలు ఎక్కడ ఆగాయో కనుక్కోవడమే.

నిజానికి సున్నా అయ్యాక చెప్పడం ఆలస్యమే. ఇక్కత్‌లో నూలును ముందే కట్టు కట్టి, రంగులద్ది, ఆ తర్వాతే మగ్గానికి ఎక్కిస్తారు. కొత్త సరుకు రేపటికి రాదు. నేయించి తెప్పించడానికి ఇరవై రోజులు పడుతుందనీ, ఒక దుపట్టా రోజుకు రెండు చొప్పున పోతుందనీ అనుకుంటే, నలభై మిగిలినప్పుడే హెచ్చరిక రావాలి. నెలకు ఒకటి పోయే పట్టుచీరకు రెండు మిగిలినప్పుడు చెప్పినా చాలు. అన్ని రకాలకూ ‘ఐదు కంటే తక్కువైతే చెప్పు’ అని ఒకే గీత గీయడం చాలామంది చేసే పొరపాటు. ఆ గీత దుపట్టాకు మరీ కిందికి, చీరకు మరీ పైకి పడుతుంది.

ఫొటో లేకపోవడానికి అతి సాధారణమైన కారణం లింకు. సరుకు వివరాలను ఎక్సెల్ షీటుతో ఎక్కించేటప్పుడు ఫొటోకు లింకు ఇస్తారు. అమెజాన్ యంత్రాలు ఆ లింకు దగ్గరకు వెళ్లి ఫొటోను తెచ్చుకోవాలి. లాగిన్ అడిగే లింకో, గూగుల్ డ్రైవ్‌లో పంచుకునే లింకో ఇస్తే వాటికి దొరికేది ఫొటో కాదు, ఒక వెబ్ పేజీ. షీటు ఎక్కినట్టే ఉంటుంది, ఫొటో మాత్రం రాదు. సరిగ్గా ఎక్కించిన ఫొటో కూడా పేజీలో కనబడటానికి కొంత సమయం పడుతుంది. అందుకే ఫొటో లేదన్న సంగతిని మొదటి రోజు రాసి ఉంచుకుని, రెండో రోజూ అలాగే ఉంటేనే సందేశంలో చేర్చాలి.

ఉదయం ఆరున్నరకు తనిఖీ జరిగితే దుకాణం తెరిచే లోపు సంగతి తెలుస్తుంది. అద్దెకు తీసుకున్న సర్వర్ల గడియారం ఎక్కువగా యూటీసీలో ఉంటుంది. మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందు. కనుక క్రాన్‌లో రాయవలసింది `0 1 * * *`. పోచంపల్లి దుకాణానికి ఒక మంగళవారం వచ్చే సందేశం ఇలా ఉంటుంది:

```
మంగళ 6:34 | చూసినవి 180/180 | కొత్తవి 3 | పాతవి 2
PCH-DP-014 నీలి దుపట్టా: సెర్చ్‌లో లేదు. ఫొటో నేపథ్యం తెలుపు కాదు
PCH-BS-031 డబుల్ దుప్పటి: గోదాములో 0, దారిలో 40
PCH-SR-007 ఎర్ర పట్టుచీర: ఫొటో లేదు (2వ రోజు)
```

వరుసలు అమ్మకాల క్రమంలో ఉన్నాయి. గత ముప్పై రోజుల్లో ఎక్కువగా పోయినది పైన ఉంది. నీలి దుపట్టాకు పండగ ముందు ఎవరో అందమైన కొత్త ఫొటో పెట్టారు, వెనక గోధుమ రంగు గోడ ఉంది. అమెజాన్ నియమం ప్రకారం ప్రధాన ఫొటోకు నేపథ్యం స్వచ్ఛమైన తెలుపు అయి ఉండాలి, వస్తువు చట్రంలో 85 శాతం నిండాలి, ఫొటో మీద అక్షరాలు ఉండకూడదు. పాత ఫొటోను తిరిగి ప్రధాన స్థానంలో పెట్టి, గోడ ఫొటోను రెండో స్థానానికి మారిస్తే సరిపోతుంది. పట్టుచీరకు ఇచ్చిన లింకు మార్చాలి. దుప్పటి విషయంలో రవాణా సంస్థకు ఒక ఫోన్. ముగ్గురికి మూడు పనులు పంచితే పది గంటలకల్లా అయిపోతాయి. బుధవారం సందేశంలో దుపట్టా ‘సరైంది’ అని ఒక్కసారి కనబడి ఆ తర్వాత జాబితాలోంచి పోతుంది.

ఇంత క్లుప్తంగా రావడానికి ప్రోగ్రామ్ నిన్నటి ఫలితాన్ని దాచుకుని ఇవాళ్టిదానితో పోల్చుకోవాలి. కొత్తగా వచ్చినవాటికే పూర్తి వరుస, పాతవాటికి సంఖ్య మాత్రమే. రంగులు, సైజులు కలిపి ఉంచే తల్లి ఎస్‌కేయూకు సొంత స్టాక్ ఉండదు కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేయాలి. నేయడం ఆపేసిన రకాలను ‘చూడవద్దు’ అనే జాబితాలో పెట్టాలి. ఆ జాబితాలో ప్రతిదానికీ గడువు తేదీ ఉండాలి. లేకపోతే తాత్కాలికంగా పక్కన పెట్టిన సరుకు ఏడాది తర్వాత కూడా తనిఖీకి అందకుండా ఉండిపోతుంది.

ఈ ఏర్పాటులో అన్నిటికంటే ప్రమాదకరమైన లోపం తనిఖీయే ఆగిపోవడం. అమెజాన్ ఏపీఐకి వాడే రహస్య తాళాన్ని 180 రోజులకొకసారి మార్చాలి. మరిచిపోతే ప్రోగ్రామ్ లోపలికే వెళ్లలేదు. రిపోర్టు మధ్యలో విఫలమై ఖాళీ ఫైలు రావచ్చు. ఖాళీ ఫైలులో లోపాలేవీ ఉండవు గనుక, సరిగా రాయని ప్రోగ్రామ్ ‘అంతా బాగుంది’ అని పంపుతుంది. పై సందేశంలో ‘చూసినవి 180/180’ అన్న ముక్క ఉన్నది దీనికోసమే. చూసినవి నిన్నటికంటే పదో వంతు తగ్గితే లోపాల జాబితాను పక్కన పెట్టి ‘తనిఖీ జరగలేదు’ అని పంపాలి. లోపాలేవీ లేని రోజున కూడా ఒక వరుస రావాలి. సందేశమే రాని ఉదయం దుకాణదారుకు అనుమానం కలగాలి.

ఈ తనిఖీకి అందనివీ ఉన్నాయి. ఫొటో ఉన్నా అది వేరే చీరదైతే ప్రోగ్రామ్‌కు తెలియదు. ధర తప్పుగా పడినా, అదే పేజీలో మరో అమ్మకందారు ముందుకు వచ్చి కూర్చున్నా ఈ మూడు ప్రశ్నలకు అవి చిక్కవు. ఉదయం ఏడింటికి సప్రెస్ అయిన వస్తువు మర్నాటి దాకా బయటపడదు. అంతసేపు ఆగలేనివారికి అమెజాన్ `LISTINGS_ITEM_STATUS_CHANGE` అనే నోటిఫికేషన్ ఇస్తుంది. స్థితి మారగానే అది వస్తుంది. దాన్ని పెట్టుకున్నా రోజువారీ తనిఖీని తీసేయకూడదు, ఎందుకంటే దారిలో పోయిన నోటిఫికేషన్ గురించి చెప్పేది ఇంకేదీ లేదు.

లోపం దొరకగానే ప్రోగ్రామే దిద్దేలా చేయాలన్న ఆలోచన సహజంగా వస్తుంది. చిన్న దుకాణాలు ఆ పని పెట్టుకోకపోవడమే మంచిది. సప్రెస్ కావడానికి కారణం కొన్నిసార్లు నియమోల్లంఘన ఆరోపణ అయి ఉంటుంది. కారణం చదవకుండా అదే పేజీని పదేపదే ఎక్కిస్తే ఖాతాకే ముప్పు రావచ్చు. ప్రోగ్రామ్ చెప్పాలి, దిద్దడం మనిషి చేయాలి.