ఆడిటర్ ఎక్కడ ఎక్కువసేపు ఆగారు?

లిస్టెడ్ కంపెనీ ఆడిట్ రిపోర్టులో ‘కీ ఆడిట్ మ్యాటర్స్’ అనే భాగం ఉంటుంది. మన దేశంలో ఎస్ఏ 701 ప్రమాణం 2018 ఏప్రిల్ 1 నుంచి మొదలైన ఆర్థిక సంవత్సరాలకు దీన్ని తప్పనిసరి చేసింది.

ఆడిట్ కమిటీకి చెప్పిన అంశాల్లోంచి, ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సి వచ్చినవాటిని ఆడిటర్ వేరుచేస్తారు. వాటిలో అతి ముఖ్యమైనవే ఇక్కడికి చేరతాయి.

ఐటీ కంపెనీల స్థిర ధర కాంట్రాక్టులనే చూడండి. మొత్తం ఖర్చు 100 కోట్లని అంచనా వేసి ఇప్పటికి 40 కోట్లు పెడితే, 40 శాతం ఆదాయం లెక్కకెక్కుతుంది. ఖర్చు 125 కోట్లకు చేరేలా ఉంటే అది 32 శాతమే. లెక్కంతా అంచనా మీదే నిలబడింది కాబట్టి దీన్ని ఎంచుకున్నామని ఆడిటర్ రాస్తారు. పాత అంచనాలను అసలు ఖర్చులతో ఎలా పోల్చారో చెప్పి, సంబంధిత నోట్‌ సంఖ్య ఇస్తారు.

ఇక్కడ పేరు కనిపించినంత మాత్రాన తప్పు దొరికినట్టు కాదు. పెద్ద తప్పును కంపెనీ సరిదిద్దకపోతే ఆడిటర్ తన అభిప్రాయాన్నే మార్చాలి.