ఎండీ జీతం మినిట్స్‌లోకి ఎలా ఎక్కుతుంది?

లిస్టెడ్ కంపెనీలో మేనేజింగ్ డైరెక్టర్ జీతం గురించి మొదట కూర్చుని మాట్లాడేది నామినేషన్ అండ్ రెమ్యూనరేషన్ కమిటీ. 2013 కంపెనీల చట్టంలోని 178వ సెక్షన్ దీన్ని తప్పనిసరి చేసింది. ఇందులో కనీసం ముగ్గురు ఉండాలి, అందరూ కంపెనీ రోజువారీ పనుల్లో లేని డైరెక్టర్లే కావాలి. సెబీ నిబంధన ప్రకారం వాళ్లలో మూడింట రెండు వంతుల మంది ఇండిపెండెంట్ డైరెక్టర్లు. కంపెనీ చైర్మన్ సభ్యుడిగా ఉండవచ్చు గానీ, ఈ కమిటీకి అధ్యక్షత వహించకూడదు. ఎవరి జీతం వాళ్లే రాసుకోకుండా పెట్టిన ఏర్పాటు ఇది.

అయితే ఆ గదిలో ఏం జరిగిందో తర్వాత ఎవరికైనా తెలిసేది మినిట్స్ ద్వారానే. కంపెనీ సెక్రటరీ రాసే ఆ రెండు మూడు పేజీల్లో మూడు పనులు ఒకేసారి జరగాలి. రహస్యం బయటికి పొక్కకూడదు, ఏ కొలమానంతో ఆ అంకెకు వచ్చారో కనబడాలి, ఎవరు ఏ అధికారంతో ఏం ఆమోదించారో తీర్మానం మాటల్లో స్పష్టంగా ఉండాలి. మొదటిదానికి రెండోదానికి పొసగదనిపిస్తుంది. రహస్యం పేరు చెప్పి కారణాలు రాయకుండా వదిలేసే అలవాటు చాలాచోట్ల అక్కడే మొదలవుతుంది.

నిజానికి ఎండీ జీతం ఎక్కువకాలం దాగేది కాదు. డైరెక్టర్ల జీతం వార్షిక నివేదికలో అచ్చవుతుంది. ఉద్యోగుల మధ్యస్థ జీతానికి ఒక్కో డైరెక్టర్ జీతం ఎన్ని రెట్లో కూడా 197వ సెక్షన్ కింద వెల్లడించాలి. కాబట్టి దాచవలసింది అంకెను కాదు. వార్షిక నివేదిక రాకముందు అది బయటపడకూడదు, ఇతర అధికారుల జీతాల పట్టిక ఆఫీసులో తిరగకూడదు, ఒక మనిషి పనితీరు గురించి సభ్యులు మనసు విప్పి చెప్పిన మాటలు అతని చెవిన యథాతథంగా పడకూడదు. రహస్యం అవసరమైనది ఈ మూడింటికే.

అందుకు వాడుకలో ఉన్న పద్ధతులు కొన్ని ఉన్నాయి. పేర్లు, జీతాలు ఉన్న పట్టికను మినిట్స్‌లో దించకుండా, అనుబంధంగా విడిగా ఉంచుతారు. దానికి ఒక గుర్తు, తేదీ వేసి, అధ్యక్షుడు పొడి సంతకం పెడతాడు. మినిట్స్‌లో ‘అధ్యక్షులు సంతకం చేసిన అనుబంధం-1లోని వివరాల ప్రకారం’ అని మాత్రమే వస్తుంది. ఆ కాగితం కంపెనీ సెక్రటరీ కస్టడీలో ఉంటుంది. ముసాయిదా మినిట్స్ కమిటీ సభ్యులకే వెళ్తుంది. హెచ్‌ఆర్ విభాగానికి అమలు చేయవలసిన తీర్మానం తాలూకు ధ్రువీకృత ప్రతి ఇస్తే చాలు, మొత్తం మినిట్స్ అక్కర్లేదు.

ఇంకో చిక్కుంది. కమిటీ మినిట్స్ తర్వాత బోర్డు ముందుకు వస్తాయి, ఎండీ కూడా బోర్డు సభ్యుడే. అంటే తన గురించి ఏం రాశారో అతను చదువుతాడు. అనుభవజ్ఞుడైన సెక్రటరీ అందుకే ఎవరు ఏమన్నారో రాయడు. ‘ఫలానా సభ్యుడు ఎండీ తీరు బాగాలేదన్నారు’ అని కాకుండా, ‘వ్యక్తిగత లక్ష్యాల్లో వారసుల తయారీ అనే అంశం పాక్షికంగానే నెరవేరిందని కమిటీ భావించింది’ అని రాస్తాడు. మాట పోయింది, కారణం నిలిచింది. పరువుకు భంగం కలిగించేవి, సందర్భానికి సంబంధం లేనివి, కంపెనీ ప్రయోజనాలకు హాని చేసేవి చేర్చకుండా ఉండే విచక్షణను 118వ సెక్షన్ అధ్యక్షుడికే ఇచ్చింది. కానీ తీర్మానంతో ఏకీభవించని సభ్యుడి పేరు మాత్రం ఉండి తీరాలని అదే సెక్షన్ అంటుంది. అక్కడ మొహమాటానికి చోటు లేదు.

బయటి కళ్ల సంగతికొస్తే, బోర్డు, కమిటీ మినిట్స్ చూసే హక్కు వాటాదారులకు లేదు. ఆడిటర్ చూడవచ్చు. నియంత్రణ సంస్థ అడిగితే, కోర్టు రప్పిస్తే ఇవ్వక తప్పదు. రాసేటప్పుడు ఆ చివరి పాఠకుడిని గుర్తుంచుకోవాలి.

కారణాలు సరిగా రాయకపోతే ఏమవుతుందో చెప్పడానికి వాల్ట్ డిస్నీ కంపెనీ వ్యవహారం కంటే మంచి ఉదాహరణ దొరకదు. 1995లో డిస్నీ మైకేల్ ఓవిట్జ్‌ను ప్రెసిడెంట్‌గా తెచ్చుకుంది. ఆ ఏడాది సెప్టెంబర్ 26న నలుగురు సభ్యుల పరిహార కమిటీ సుమారు గంటసేపు సమావేశమై, అతని ఒప్పందంతో పాటు ఇతర విషయాలూ ముగించింది. ఆ నలుగురిలో నటుడు సిడ్నీ పోయిటియర్ ఒకరు. ముందున్నది పూర్తి ఒప్పందం కాదు, ముఖ్య షరతుల పత్రం మాత్రమే. తప్పు లేకుండా తొలగిస్తే అతనికి ఎంత ముడుతుందో లెక్క కట్టిన పట్టిక సభ్యులందరికీ అందలేదు. దాదాపు 14 నెలలకు ఓవిట్జ్‌ను పంపించేసినప్పుడు కంపెనీకి సుమారు 13 కోట్ల డాలర్ల భారం పడింది. వాటాదారులు కోర్టుకెళ్లారు. ఏళ్ల తరబడి విచారణ సాగింది. 2006లో డెలావేర్ సుప్రీంకోర్టు డైరెక్టర్లకే అనుకూలంగా తేల్చింది గానీ, ఏం చేసి ఉంటే బాగుండేదో కూడా చెప్పింది. ఏ పరిస్థితిలో ఎంత చెల్లించాలో చూపే పట్టికను నిపుణుడి సాయంతో తయారు చేసి, సభ్యులందరికీ ఇచ్చి, దాన్ని మినిట్స్‌కు అనుబంధంగా చేర్చి ఉంటే సరిపోయేదని దాని సారాంశం. ఒక్క కాగితం లేకపోవడం కమిటీ సభ్యులను సాక్షుల బోనులోకి నెట్టింది.

మన చట్టంలో ఆ కాగితానికి ప్రాతిపదిక 178వ సెక్షన్‌లోనే ఉంది. సమర్థులను ఆకర్షించి నిలుపుకోవడానికి జీతం సరిపోవాలి, జీతానికి పనితీరుకు మధ్య సంబంధం స్పష్టంగా ఉండాలి, స్థిర జీతానికి ప్రోత్సాహకానికి మధ్య తూకం ఉండాలి. కమిటీ తయారుచేసే జీతాల విధానంలో ఇవి కనబడాలని అది కోరుతుంది. మినిట్స్ చేయవలసిందల్లా ఆ విధానాన్ని ఆ ఏడాది అంకెలకు ముడిపెట్టడం.

ఒక ఊహాజనిత తయారీ కంపెనీని తీసుకుంటే ఇది తేలికగా అర్థమవుతుంది. ఎండీ స్థిర జీతం ఏడాదికి 3.50 కోట్లు. లక్ష్యాలన్నీ సాధిస్తే వేరియబుల్ పే 2 కోట్లు. అందులో కోటి నిర్వహణ లాభానికి, 40 లక్షలు బకాయిల వసూలుకు, 40 లక్షలు కార్మికుల భద్రతకు, 20 లక్షలు వ్యక్తిగత లక్ష్యాలకు అని ఏడాది మొదట్లోనే కమిటీ తీర్మానించింది. లాభం లక్ష్యం 300 కోట్లు. అంతకంటే తగ్గిన ప్రతి ఒక్క శాతానికి ఆ భాగంలో 5 శాతం కోత.

ఏడాది చివర లెక్కల్లో లాభం 312 కోట్లుగా వచ్చింది. లక్ష్యం దాటినట్టే. కానీ అందులో 18 కోట్లు పాత స్థలం అమ్మగా వచ్చినవి. వాటిని తీసేస్తే 294 కోట్లు, అంటే లక్ష్యానికి 2 శాతం తక్కువ. కోటిలో 10 శాతం కోత పడి 90 లక్షలు మిగిలాయి. వసూళ్ల లక్ష్యం నెరవేరింది, 40 లక్షలు పూర్తిగా ఇచ్చారు. ఫ్యాక్టరీలో ఒక ప్రాణాంతక ప్రమాదం జరిగినందున భద్రత కింద ఏమీ రాలేదు. వ్యక్తిగత లక్ష్యాలకు 15 లక్షలు. మొత్తం 1.45 కోట్లు.

ఇందులో మినిట్స్‌కు ప్రాణం స్థలం అమ్మకం గురించిన రెండు వాక్యాలే. ‘స్థలం విక్రయం ద్వారా వచ్చిన 18 కోట్ల రూపాయలు నిర్వహణకు సంబంధించినవి కానందున వాటిని మినహాయించి లాభాన్ని లెక్కించాలని కమిటీ నిర్ణయించింది. ఇదే పద్ధతి నష్టం వచ్చిన సందర్భంలోనూ వర్తిస్తుంది.’ రెండో వాక్యం లేకపోతే, వచ్చే ఏడాది ఒక అసాధారణ నష్టాన్ని పక్కనపెట్టమని ఎండీ అడిగినప్పుడు కమిటీ దగ్గర సూత్రం ఉండదు. జీతాల మినిట్స్‌లో అసలు బలహీనత సాధారణంగా ఇలాంటి మినహాయింపుల దగ్గరే బయటపడుతుంది. లక్ష్యం తప్పిన ఏడాదే కొలమానం మారిందంటే, ఎందుకు మారిందో రాసి లేదంటే, చదివేవాడు అనుమానించడం సహజం.

ఇక తీర్మానం మాటలు. కంపెనీ సెక్రటరీల సంస్థ రూపొందించిన సెక్రటేరియల్ స్టాండర్డ్-1 ప్రకారం మినిట్స్ ప్రథమ పురుషలో, భూతకాలంలో నడవాలి. తీర్మానం మాత్రం వర్తమానంలో ఉండాలి. చర్చ గడిచిపోయింది, నిర్ణయం అమల్లో ఉంది అన్న తేడా అందులో ఉంది. అంతకంటే ముఖ్యమైన తేడా క్రియాపదాలది. ‘పరిశీలించింది’ అంటే చూసిందనే. ‘నమోదు చేసుకుంది’ అంటే తెలుసుకుందనే. ఈ రెంటితో ఎవరికీ రూపాయి ఇవ్వకూడదు. ఎండీ జీతం విషయంలో కమిటీ సరైన మాట ‘బోర్డుకు సిఫార్సు చేస్తోంది’. ఆమోదించేది బోర్డు, అవసరమైన చోట వాటాదారులు. కమిటీయే ‘ఆమోదించింది’ అని రాస్తే తనకు లేని అధికారాన్ని వాడినట్టవుతుంది.

పై ఉదాహరణలో తీర్మానం ఇలా ఉండవచ్చు: ‘అనుబంధం-1లోని మదింపు ఆధారంగా, గడిచిన ఆర్థిక సంవత్సరానికి మేనేజింగ్ డైరెక్టర్‌కు 1.45 కోట్ల రూపాయల వేరియబుల్ పే చెల్లించాలనీ, ఏప్రిల్ 1 నుంచి స్థిర జీతాన్ని 3.50 కోట్ల నుంచి 3.78 కోట్లకు సవరించాలనీ, ఈ మొత్తాలు వాటాదారులు ఇదివరకు ఆమోదించిన గరిష్ఠ పరిమితికి, 197వ సెక్షన్ పరిమితికి లోబడి ఉన్నాయని నమోదు చేస్తూ, కమిటీ బోర్డుకు సిఫార్సు చేస్తోంది.’ ఒక్కరే ఎండీ ఉన్న కంపెనీలో ఆ సెక్షన్ పరిమితి, చట్టం చెప్పిన రీతిలో లెక్కించిన నికర లాభంలో 5 శాతం. అది దాటాలంటే వాటాదారుల ప్రత్యేక తీర్మానం కావాలి. తీర్మానంలో ఎవరికి, ఎంత, ఏ కాలానికి, ఎప్పటి నుంచి, ఎవరి ఆమోదానికి లోబడి అనే ప్రశ్నలకు జవాబులున్నాయి. ‘తగిన విధంగా ఖరారు చేయడానికి హెచ్‌ఆర్ అధిపతికి అధికారమివ్వడమైనది’ అని ముగించే తీర్మానాలు కనిపిస్తుంటాయి. అలా రాసిన చోట కమిటీ నిర్ణయం తీసుకోలేదు, ఇతరులకు అప్పజెప్పింది.

తన జీతం చర్చకు వచ్చినప్పుడు ఆహ్వానితుడిగా ఉన్న ఎండీ బయటికి వెళ్లిన విషయం, ఏ అంశానికి ముందు వెళ్లాడు, ఎప్పుడు తిరిగి వచ్చాడు అన్నది ఆ అంశం కిందే రాయాలి. హాజరు జాబితాలో పేరు ఉండి, వెళ్లిన ప్రస్తావన లేకపోతే, అతని సమక్షంలోనే జీతం నిర్ణయించారని కాగితం చెబుతుంది.

సమావేశం ముగిశాక ముసాయిదా 15 రోజుల్లో సభ్యులకు వెళ్లాలి. వాళ్ల సూచనలకు 7 రోజులు. 30 రోజుల్లోపు మినిట్స్ పుస్తకంలో ఎక్కాలి. ఒకసారి ఎక్కాక అంకె తప్పుపడినా దిద్దడానికి వీల్లేదు. తర్వాతి సమావేశంలో స్పష్టమైన ఆమోదంతోనే మార్పు జరగాలి, ఆ మార్పు సంగతి ఆ సమావేశం మినిట్స్‌లో కనబడాలి. మినిట్స్‌ను తారుమారు చేసినట్టు రుజువైతే 118వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, 25 వేల నుంచి లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటాయి.