మూడు పరికరాలకూ ఒకే హార్డ్‌డిస్క్: ఏ ఫార్మాట్ వేయాలి?

ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్, లినక్స్ కంప్యూటర్, హాల్లో టీవీ ఉన్నాయి. 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో 11 జీబీల పెళ్లి వీడియో పెట్టి మూడింటిలోనూ చూడాలి. అందుకు డిస్క్‌ను ఏ ఫార్మాట్‌లో సిద్ధం చేయాలి? ఫైళ్ల పేర్లు, సైజులు, డిస్క్‌లో అవి ఉన్న చోటు నమోదయ్యే పద్ధతే ఫార్మాట్. ఆ పద్ధతి తెలియని పరికరానికి ఫైళ్లు కనిపించవు.

వీటిలో ఒకటి FAT32. దాదాపు ప్రతి టీవీ దీన్ని చదువుతుంది. కానీ ఇందులో ఫైలు సైజు రాసుకోవడానికి ఉన్నది 32 బిట్ల చోటే కాబట్టి ఏ ఫైలైనా 4 జీబీ లోపే ఉండాలి. డిస్క్‌లో ఎంత ఖాళీ ఉన్నా మన పెళ్లి వీడియో కాపీ కాదు. ఫైలు మరీ పెద్దదని విండోస్ ఆపేస్తుంది.

ఆ హద్దు లేనిది exFAT. మైక్రోసాఫ్ట్ 2019లో దీని వివరాలను బయటపెట్టింది. 2020 నాటి 5.7 కెర్నల్ నుంచి లినక్స్‌లో దీనికి మంచి డ్రైవర్ ఉంది. కంప్యూటర్లు రెండింటికీ ఇబ్బంది లేదు కనుక తేల్చాల్సింది టీవీయే. కొన్ని టీవీలు, ముఖ్యంగా పాతవి, NTFS చదువుతాయి కానీ exFAT చదవవు.

అందుకే పెద్ద డిస్క్ జోలికి వెళ్లే ముందు ఖాళీ పెన్‌డ్రైవ్‌తో పరీక్షించండి. విండోస్‌లో దానిపై రైట్‌క్లిక్ చేసి, Format నొక్కి, exFAT ఎంచుకోండి. ఒక చిన్న వీడియో వేసి టీవీకి పెట్టండి. పెన్‌డ్రైవ్ అసలు కనిపించకపోతే ఫార్మాట్‌నే అనుమానించి, NTFSతో మళ్లీ చూడండి. ఫైలు పేరు కనిపించి వీడియో ఆడకపోతే, లేదా మాట వినిపించకపోతే లోపం ఫార్మాట్‌ది కాదు. ఆ వీడియో కోడెక్ టీవీకి తెలియదన్నమాట.

NTFS వాడాల్సి వస్తే ఒక జాగ్రత్త అవసరం. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్ చేసినా డిస్క్ పూర్తిగా మూసుకోకపోవచ్చు. అప్పుడు లినక్స్ దాన్ని చదవడానికే తెరుస్తుంది, రాయనివ్వదు. 'సేఫ్లీ రిమూవ్' చేశాకే డిస్క్ తీయండి.

exFATకైతే ఇది మరింత ముఖ్యం. NTFS తన పట్టికలో చేయబోయే మార్పులను ముందే లాగ్‌లో రాసుకుంటుంది. ExFATకు ఆ ఏర్పాటు లేదు. కాపీ జరుగుతుండగా కేబుల్ లాగితే పట్టికే చెడి, ఫోల్డర్లు కనిపించకుండా పోవచ్చు. లినక్స్ ఫైళ్ల అనుమతులు కూడా ఇందులో నిలవవు.

ఫార్మాట్ చేస్తే డిస్క్‌లోని ఫైళ్లన్నీ పోతాయి కాబట్టి ముందే వేరేచోట కాపీ చేసుకోండి. టీవీలో రికార్డింగ్ కోసం డిస్క్‌ను ఫార్మాట్ చేయమని అడిగితే ఒప్పుకోవద్దు. అది తన సొంత పద్ధతిలో మార్చేస్తే సాధారణంగా కంప్యూటర్లు ఆ డిస్క్‌ను చదవలేవు. టీవీ ఒప్పుకుంటే exFAT, లేదంటే NTFS వేయండి. పెళ్లి వీడియో అసలు కాపీని మాత్రం మరో డిస్క్‌లో ఉంచండి.