పాత డిస్కుకు ఏ డాక్ సరిపోతుంది?

పాత డెస్క్‌టాప్‌ను ఎప్పుడో పాత సామాన్లవాడికి ఇచ్చేసినా, అందులోంచి తీసిన హార్డ్ డిస్క్ మాత్రం బీరువాలో భద్రంగా ఉంటుంది. పెళ్లి ఫొటోలు, పిల్లల చిన్నప్పటి వీడియోలు అన్నీ అందులోనే. వాటిని చూద్దామని సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోటికి వెళ్లి ‘హార్డ్ డిస్క్ డాక్ ఒకటి ఇవ్వండి’ అని అడిగితే, చేతికి వచ్చింది సరిపడకపోవచ్చు. డిస్కు అందులో పట్టదు, పట్టినా తిరగదు. డిస్కు పోయిందనుకుని ఆశ వదిలేసుకుంటారు చాలామంది. అంత తొందర వద్దు. కొనేముందు డిస్కు వెనక ఉన్న కనెక్టర్ ఏదో, లేబుల్ మీద ఎన్ని వోల్టులు రాసి ఉందో చూసుకుంటే ఈ ఇబ్బంది చాలావరకు రాదు.

2004 నాటి 80 జీబీ డిస్కు ఒకటి మన దగ్గర ఉందనుకుందాం. వెనక రెండు వరసల్లో సన్నని పిన్నులు, ఓ పక్కన నాలుగు లావుపాటి పిన్నులు కనిపిస్తాయి. ఇది ఐడీఈ డిస్కు. 2003 నుంచి మార్కెట్లోకి వచ్చిన సాటా డిస్కులకు ఇలా పొడుచుకొచ్చిన పిన్నులుండవు, ‘ఎల్’ ఆకారంలో రెండు పలచని కనెక్టర్లుంటాయి. ఇప్పుడు షాపుల్లో దొరికే డాక్‌లు ఎక్కువగా సాటావే. మన డిస్కుకు ఐడీఈ–యూఎస్‌బీ అడాప్టర్ అని పేరు పెట్టి అడగాలి.

ఇక కరెంటు సంగతి. డెస్క్‌టాప్ డిస్కు లేబుల్ మీద 5 వోల్టులు, 12 వోల్టులు అని రెండూ ఉంటాయి. 5 వోల్టులు సర్క్యూట్ బోర్డుకు, 12 వోల్టులు మోటారుకు. మామూలు యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది 5 వోల్టులే కాబట్టి, ఒట్టి యూఎస్‌బీ కేబుల్‌తో ఈ డిస్కు ఎప్పటికీ తిరగదు. గోడకు పెట్టే పవర్ అడాప్టర్ కూడా కలిసి వచ్చే సెట్టే కొనాలి. లేబుల్ మీద 12 వోల్టుల దగ్గర అర ఆంపియర్ అని ఉన్నా అది తిరుగుతున్నప్పటి లెక్క. ఆగి ఉన్న మోటారు కదలడానికి మొదటి కొన్ని సెకన్లు 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. అందుకే 12 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టర్ ఉండాలి. పిన్ను పట్టింది కదా అని 19 వోల్టుల ల్యాప్‌టాప్ చార్జర్ పెడితే డాక్‌తోపాటు డిస్కూ కాలిపోవచ్చు.

ల్యాప్‌టాప్ డిస్కుకు 5 వోల్టులు చాలు, విడిగా అడాప్టర్ అక్కర్లేదు. కానీ దానికీ మొదట్లో దాదాపు 1 ఆంపియర్ కావాలి. పాత యూఎస్‌బీ 2.0 పోర్టు అర ఆంపియరే ఇస్తుంది. నీలం రంగులో కనిపించే 3.0 పోర్టు 0.9 ఇస్తుంది. కరెంటు చాలకపోతే లైటు వెలుగుతుంది, డిస్కు తిరగబోయి ‘టిక్’మని ఆగి, మళ్లీ మొదలుపెడుతుంది. అప్పుడు పొట్టి కేబుల్‌తో, కంప్యూటర్ వెనక ఉన్న పోర్టుకు పెట్టి చూడండి. సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

మన 80 జీబీ డిస్కును కలిపేటప్పుడు ముందుగా వెనకున్న జంపర్‌ను ‘మాస్టర్’ స్థానంలో పెట్టాలి. ఎలా పెట్టాలో లేబుల్ మీదే బొమ్మ ఉంటుంది. నాలుగు పిన్నుల పవర్ కనెక్టర్‌కు రెండు మూలలు ఏటవాలుగా కోసి ఉంటాయి, అవి డిస్కు మీది ఆకారంతో కలవాలి. బలవంతంగా తిరగేసి దూర్చితే 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వెళ్లి బోర్డు మాడిపోతుంది. ముందు పవర్ ఇచ్చి, డిస్కు తిరిగే సన్నని రొద నిలకడ అయ్యాక యూఎస్‌బీ పెట్టండి.

విండోస్‌లో అది 74.5 జీబీగా కనిపిస్తుంది. లెక్కగట్టే పద్ధతిలో తేడా అది, ఏమీ పోలేదు. డ్రైవ్ కనబడకపోతే `diskmgmt.msc` తెరిచి, అక్కడ ఆ సైజు డిస్కు ఉందేమో చూడండి. ‘ఫార్మాట్ చేయాలా’ అనిగానీ, ‘ఇనీషియలైజ్ చేయాలా’ అనిగానీ అడిగితే క్యాన్సిల్ నొక్కాలి. ఆ డిస్కు లినక్స్‌దో, మ్యాక్‌దో అయి విండోస్‌కు అర్థం కాకపోయినా ఇలాగే అడుగుతుంది. డేటా బయటికి వచ్చేదాకా ఆ డిస్కు మీద ఏదీ రాయనివ్వకూడదు. అంతా సవ్యంగా ఉంటే యూఎస్‌బీ 2.0 మీద 80 జీబీ కాపీ కావడానికి ముప్పావుగంటో, గంటో పడుతుంది. చిన్న చిన్న ఫైళ్లు ఎక్కువైతే ఇంకాసేపు.

సరైన అడాప్టర్ పెట్టినా టకటకమని ఒకే లయలో కొట్టుకుంటుంటే మాత్రం లోపల రీడింగ్ హెడ్ దెబ్బతిన్నట్టే అనుకోవాలి. అలాంటి డిస్కుకు ఏ డాక్ మార్చినా లాభం లేదు. ఆన్ చేసిన ప్రతిసారీ హెడ్ పళ్లేన్ని గీకి, మిగిలిన డేటానూ చెరిపే ప్రమాదముంది. వెంటనే పవర్ తీసేసి, డిస్కు విప్పి బాగుచేసే డేటా రికవరీ వాళ్లకు చూపించాలి.