బంగారం ఫ్యూచర్స్‌లో దొంగ ఆర్డర్లు

2020 సెప్టెంబరులో అమెరికా బ్యాంకు జేపీమోర్గాన్ 92 కోట్ల డాలర్లు కట్టి ఒక కేసు తేల్చుకుంది. బంగారం, వెండి వంటి లోహాల ఫ్యూచర్స్‌లోనూ, అమెరికా ప్రభుత్వ బాండ్ల మార్కెట్లోనూ ఆ బ్యాంకు ట్రేడర్లు 2008 నుంచి 2016 దాకా లక్షల సంఖ్యలో దొంగ ఆర్డర్లు పెట్టారన్నది అభియోగం. ఆ వార్త వచ్చాక చాలామంది నోట ఒకటే మాట: బంగారం రేటంతా బ్యాంకులు ఆడించేదేనని. కేసులో తేలింది అది కాదు. ఏం తేలిందో తెలిస్తే మనం చూసే రేట్లలో దేన్ని నమ్మవచ్చో, దేన్ని అనుమానించాలో తెలుస్తుంది.

ఈ మోసాన్ని స్పూఫింగ్ అంటారు. న్యూయార్క్‌లోని కోమెక్స్ ఎక్స్ఛేంజీలో ఒక బంగారం కాంట్రాక్టు అంటే 100 ఔన్సులు, మన లెక్కలో మూడు కిలోల పైచిలుకు. ఎవరు ఎంతకు కొంటామంటున్నారో, ఎంతకు అమ్ముతామంటున్నారో ఆర్డర్ బుక్‌లో అందరికీ కనిపిస్తూ ఉంటుంది. కొనేవాళ్ల వరుస పెరిగితే ధర పెరగబోతోందని అందరూ అనుకుంటారు. మనుషులకంటే ముందు కంప్యూటర్ ప్రోగ్రాములు అలా అనుకుంటాయి. సెకనులో చిన్న భాగంలో తమ ధరలు మార్చేస్తాయి.

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఔన్సు ధర 1,250 డాలర్ల దగ్గర ఉంది. ఒక ట్రేడర్ 50 కాంట్రాక్టులు అమ్మాలి, అదీ మార్కెట్ ధరకంటే 20 సెంట్లు ఎక్కువకు. ఆ అమ్మకం ఆర్డరును ఐస్‌బర్గ్ పద్ధతిలో పెడతాడు. అంటే బయటికి నాలుగైదు కాంట్రాక్టులే కనిపిస్తాయి, మిగతాది వెనక దాగి ఉంటుంది. ఆ వెంటనే రెండో వైపు, మార్కెట్ ధరకు కాస్త కింద, 200 కాంట్రాక్టులు కొంటానంటూ ఆర్డర్ల మీద ఆర్డర్లు పెడతాడు. ఇవి మాత్రం పూర్తిగా బయటికి కనిపిస్తాయి. ఇంత గిరాకీ వచ్చిందా అని ప్రోగ్రాములు ధర పెంచుతాయి. అతని అసలు అమ్మకం పూర్తవుతుంది. మరుక్షణం ఆ 200 కాంట్రాక్టుల ఆర్డర్లన్నీ రద్దయిపోతాయి. వ్యవహారమంతా కొద్ది సెకన్లలోనే ముగుస్తుంది. మిగిలింది 50 కాంట్రాక్టులు, ఒక్కోదానికి 100 ఔన్సులు, ఔన్సుకు 20 సెంట్లు, అంటే 1,000 డాలర్లు. ఒక్కసారికి ఇది పెద్ద మొత్తం కాదు. రోజూ, రెండు వైపులా, ఏళ్ల తరబడి చేస్తేనే సంపాదన.

ఆర్డరు పెట్టి రద్దు చేసుకోవడం మాత్రం నేరం కాదు. ధర కదిలినప్పుడల్లా నిజాయతీపరులైన ట్రేడర్లు కూడా ఆర్డర్లు మార్చుకుంటూనే ఉంటారు. 2010లో అమెరికా తెచ్చిన చట్టం నిషేధించింది వేరే పని: పెట్టేటప్పుడే రద్దు చేసే ఉద్దేశంతో ఆర్డరు పెట్టడం. ఉద్దేశాన్ని కోర్టులో నిరూపించడం తేలిక కాదు. జేపీమోర్గాన్ లోహాల విభాగానికి అధిపతిగా ఉన్న మైకేల్ నోవాక్, బంగారం ట్రేడర్ గ్రెగ్ స్మిత్‌ల విచారణలో ట్రేడింగ్ లెక్కలతో పాటు, ముందే నేరం ఒప్పుకున్న తోటి ట్రేడర్ల సాక్ష్యం కూడా అవసరమైంది. ఒక వైపు దాచిన చిన్న ఆర్డరు, రెండో వైపు బాహాటంగా పెద్ద ఆర్డరు, చిన్నది పూర్తి కాగానే పెద్దది మాయం. ఇదే వరుస మళ్లీ మళ్లీ కనబడింది. 2022 ఆగస్టులో షికాగో జ్యూరీ ఇద్దరినీ దోషులుగా తేల్చింది. విభాగాన్నే నేర ముఠాగా నడిపారన్న అభియోగాన్ని మాత్రం ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది స్మిత్‌కు రెండేళ్లు, నోవాక్‌కు ఏడాదీ ఒక్కరోజూ జైలుశిక్ష పడింది.

దీనివల్ల మన ఊళ్లో నగ కొనేవాళ్లకు ఎంత తేడా పడింది? ఒక దొంగ ఆర్డరు ఔన్సు ధరను అర డాలరు కదిపిందనుకుందాం. ఔన్సంటే 31.1 గ్రాములు. డాలరు 85 రూపాయలనుకుంటే పది గ్రాములకు సుమారు 14 రూపాయల తేడా, అదీ కొద్ది క్షణాలపాటు. తరుగు, మజూరీ కింద కట్టే వేల రూపాయల ముందు అది లెక్కలోకే రాదు. పైగా వీళ్లు ధరను ఒకే దిక్కుకు తోయలేదు. అమ్మాల్సినప్పుడు పైకి, కొనాల్సినప్పుడు కిందికి తోశారు. ఆ కాలంలోనే బంగారం 2011లో 1,900 డాలర్లు దాటి, 2015 చివరికి 1,050 దగ్గరికి పడింది. అంతటి ఎత్తుపల్లాలను ఈ కేసులకు అంటగట్టే ఆధారం లేదు. పదేళ్ల చార్టు చూసి నిర్ణయం తీసుకునేవారు ఈ కేసుల గురించి బెంగపడనక్కరలేదు.

దెబ్బ తగిలేది ఒక్క క్షణం ధర మీద డబ్బు ఆధారపడినవాళ్లకు. దీనికి లండన్‌లో జరిగిన ఒక ఉదంతం చెప్పాలి. అది ఫ్యూచర్స్ కేసు కాదు గాని, విషయం ఇంతకంటే స్పష్టంగా మరెక్కడా కనిపించదు. అప్పట్లో అయిదు బ్యాంకులు రోజుకు రెండుసార్లు ఫోన్‌లో మాట్లాడుకుని బంగారానికి ప్రామాణిక ధర ఖాయం చేసేవి. 2012 జూన్ 28 మధ్యాహ్నం ఆ ధర 1,558.96 డాలర్లు దాటితే బార్‌క్లేస్ బ్యాంకు తన ఖాతాదారు ఒకరికి 39 లక్షల డాలర్లు చెల్లించాలి. దాటకపోతే ఏమీ ఇవ్వక్కరలేదు. ఆ వ్యవహారం చూస్తున్న బార్‌క్లేస్ ట్రేడర్ డేనియల్ ప్లంకెట్ ధర ఖాయమయ్యే వేళ అమ్మకం ఆర్డర్లు దించాడు. ధర 1,558.50 దగ్గర ఆగింది. 46 సెంట్ల తేడాతో ఖాతాదారుకు రావాల్సిన సొమ్మంతా పోయింది. తర్వాత ఖాతాదారుకు పరిహారం అందింది. 2014లో బ్రిటన్ నియంత్రణ సంస్థ బ్యాంకుకు 2.6 కోట్ల పౌండ్ల జరిమానా వేసింది. 2015 మార్చిలో ఆ ఫోన్ పద్ధతి పోయి ఎలక్ట్రానిక్ వేలం వచ్చింది.

మన దగ్గర ఎంసీఎక్స్‌లో చిన్న లాట్లు ఆడేవాళ్ల స్టాప్‌లాస్‌లో ఉన్న ప్రమాదం సరిగ్గా ఇదే. ఎంసీఎక్స్ ధర కోమెక్స్‌ను, రూపాయిని చూసి కదులుతుంది. అక్కడి ధర రెండు సెకన్లు తూలితే ఇక్కడ ధరకు మరీ దగ్గరగా పెట్టిన స్టాప్‌లాస్ తగిలి, ధర మళ్లీ యథాస్థానానికి వస్తుంది. ట్రేడింగ్ యాప్‌లో మార్కెట్ డెప్త్ అనే పట్టిక ఉంటుంది. దాని అడుగున మొత్తం కొనుగోళ్లు ఇన్ని, మొత్తం అమ్మకాలు ఇన్ని అని రెండు అంకెలు కనిపిస్తాయి. కొనేవాళ్లు ఎక్కువున్నారు కాబట్టి పెరుగుతుందంటూ వాటిని చూపించి సలహాలిచ్చేవాళ్లు చాలామంది. స్పూఫింగ్ చేసేవాళ్లు కలుషితం చేసేది ఆ అంకెలనే. అవి జరిగిన వ్యాపారం కాదు, జరుగుతుందని ఎవరో చెప్పిన మాట మాత్రమే. ఏ ధరకు ఎంత సరుకు నిజంగా చేతులు మారిందో చూపేది వాల్యూమ్. అబద్ధపు ఆర్డరును చూసి పుట్టిన లావాదేవీలు అందులోనూ కలిసి ఉండవచ్చు గాని, అందులో లెక్కకొచ్చిన ప్రతి కాంట్రాక్టుకూ ఎవరో ఒకరు డబ్బు పెట్టారు.

సగటు తీసిన ధరలను కదపడం ఇంకా కష్టం. కోమెక్స్‌లో రోజువారీ సెటిల్‌మెంట్ ధరను న్యూయార్క్ కాలమానం ప్రకారం మధ్యాహ్నం 1.29 నుంచి 1.30 దాకా జరిగిన లావాదేవీల సగటుగా, పరిమాణాన్ని బట్టి తూకమిచ్చి లెక్కిస్తారు. రెండు సెకన్ల తోపు ఆ నిమిషంలో కరిగిపోతుంది. మన సావరిన్ గోల్డ్ బాండు గడువు తీరినప్పుడు చెల్లించే ధర ఇంకా భద్రం. అంతకుముందు మూడు పనిదినాలలో ఇండియా బులియన్ అండ్ జ్యుయలర్స్ అసోసియేషన్ ప్రకటించిన 999 స్వచ్ఛత బంగారం ముగింపు ధరల సగటు అది. అందులో తేడా తేవాలంటే మూడు రోజుల ముగింపు ధరలనూ కదపాలి. కొద్ది సెకన్లలో రద్దయ్యే ఆర్డర్లకు అంత బలం లేదు.